డైనింగ్ టేబుల్ మీది తెల్ల మరకలు

ప్రశ్న: మా టేకు డైనింగ్ టేబుల్ మీద చల్లటి గ్లాసు, వేడి గిన్నె పెట్టినచోట తెల్లటి మరకలు పడ్డాయి. మళ్లీ పాలిష్ చేయించకుండా పోతాయా?

మరక తెల్లగా ఉన్నంతవరకు చాలాసార్లు పోతుంది. తేమ పాలిష్ పొరలోనే చిక్కుకుని కాంతిని చెదరగొట్టడం వల్ల అక్కడ తెల్లగా కనిపిస్తుంది. వేడి గిన్నె కింద పొర మెత్తబడటంతో ఆవిరి మరింత సులువుగా లోపలికి చేరుతుంది. మరక నల్లబడితే మాత్రం నీరు చెక్క దాకా దిగినట్టే, దానికి వడ్రంగి అవసరం.

ముందుగా ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి, తాజా మరకలు కొన్ని దానంతటవే మాయమవుతాయి. అప్పటికీ మిగిలితే, బల్ల అంచు కింద కనబడని చోట పాలిష్ స్పిరిట్ చుక్క వేసి చూడండి. అక్కడ జిగటగా మారితే అది లక్క పాలిష్. అలాంటప్పుడు మెత్తటి నూలుగుడ్డను స్పిరిట్‌తో, చేతికి చల్లగా తగిలేంత మాత్రమే తడిపి, మరక మీదుగా ఎక్కడా ఆపకుండా తేలికగా ఒకసారి తుడిచి, ఆరాక మళ్లీ చూడాలి. గుడ్డ అంటుకుంటున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపాలి, లేకపోతే పొరే లేచిపోతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా ఈ పని చేయండి.

స్పిరిట్‌కు చలించకపోతే అది మెలమైన్ లేదా పీయూ పాలిష్ కావచ్చు. దానికి హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, కదుపుతూ, చేయి ఓర్చుకోగలిగినంత వెచ్చదనమే తగిలేలా పట్టడం మేలు. వేడి గిన్నె మరకలు దీనికి అంత త్వరగా లొంగవు. పొర అక్కడ గరుకుగానో బుడగలుగానో తగిలితే పైపూతతో పని జరగదు, ఆ పలక వరకు మళ్లీ పాలిష్ వేయించాల్సిందే.