పని వేళల మార్పు కోరుతూ వ్రాసే లేఖ గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు వచ్చే నెలలో ముగుస్తున్నదని, తిరిగి చేరిన రోజునే మేనేజరును కలిసి మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వెళ్ళేందుకు అనుమతి అడుగుతానని వ్రాశావు. అంతవరకూ ఆగవద్దు. చేరడానికి మూడు వారాల ముందే మెయిల్ పంపు. నీవు వెళ్ళేసరికి పని పంపకం అయిపోయి ఉంటే, దాన్ని తిరగదోడమని అడగడం ఇద్దరికీ కష్టం.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకో. ఇప్పుడు అమలులో ఉన్న 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ప్రకారం బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు నీ హక్కు. ఇంటి నుంచి పనిచేయడం మాత్రం, పని స్వభావం అనుమతిస్తే ఇద్దరూ ఒప్పుకున్న షరతులపై యజమాని ఇవ్వగల వెసులుబాటు. 2017లో సవరించిన పాత ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనూ ఈ రెండూ ఇలాగే ఉండేవి. కాబట్టి హక్కుగా వచ్చే విరామాలను బేరంలో కలపవద్దు, బేరంగా అడగవలసిన వేళలను హక్కుగా అడగవద్దు.

ఇక అడిగే తీరు. మూడింటికి వెళ్తానన్న మాటతో లేఖ మొదలైతే, చదివేవారికి తగ్గిన గంటలే కనిపిస్తాయి. నీవు పూర్తిచేసే పనితో మొదలుపెట్టు. సరఫరాదారుల బిల్లులు సరిచూసే విభాగంలో ఉన్నావు కనుక లెక్క చూపడం తేలికే. సెలవుకు వెళ్ళే ముందు నెలలో ఒంట్లో బాగుండక పని తగ్గింది కాబట్టి దాన్ని వదిలి, అంతకు ముందరి మూడు నెలల సగటు తియ్యి. అది రోజుకు అరవై బిల్లులనుకుంటే అరవైకే మాట ఇవ్వు. అనుమతి దొరకాలన్న ఆత్రంలో డెబ్బై అని వ్రాస్తే, ఆ అదనపు పది నీ నిద్రలోంచే పోతాయి. ఆరు నెలల్లో సాఫ్ట్‌వేరు, మనుషులు మారి ఉంటారు కనుక మొదటి రెండు వారాలకు నలభై అని విడిగా పేర్కొను. మరొక సంగతి, 'చెల్లించిన బిల్లులు' అని ఎన్నడూ వ్రాయకు. చెల్లింపు ఆమోదించే అధికారి చేతిలో ఉంటుంది, ఆయన ఊరెళితే నీ లెక్క పడిపోతుంది. 'అందిన రెండు పనిదినాలలో సరిచూసి ఆమోదానికి పంపిన లేదా లోపం చూపి తిప్పి పంపిన బిల్లులు' అని వ్రాస్తే, అది పూర్తిగా నీ చేతిలోని పని అవుతుంది.

అందుబాటు గురించి ఇంకా స్పష్టత కావాలి, ఎందుకంటే ఇలాంటి ఏర్పాట్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. 'ఎప్పుడూ అందుబాటులో ఉంటాను' అన్న వాక్యం వినయంగా కనిపించినా, అది నీ సాయంత్రాన్ని మొత్తం వ్రాసి ఇచ్చేస్తుంది. ఇలా వ్రాయి:

"ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు కార్యాలయంలో ఉంటాను. మూడు నుంచి రాత్రి ఎనిమిది వరకు అత్యవసరమైతే ఫోనుకు మాత్రమే పలుకుతాను. ఆ రోజే ఆగిపోయే చెల్లింపును అత్యవసరంగా భావిస్తాను. ఎనిమిది నుంచి పదిన్నర వరకు ఇంటి నుంచి పనిచేసి, ఆ రోజు వచ్చిన సందేశాలన్నిటికీ జవాబిస్తాను. నెలాఖరు లెక్కలు ముగించే మూడు పనిదినాలూ పూర్తి సమయం కార్యాలయంలో ఉంటాను. ఎనిమిది వారాల తర్వాత ఈ ఏర్పాటును కలిసి సమీక్షిద్దాము."

నెలాఖరు మూడు రోజులను నీవే ముందుగా ఇవ్వమనడానికి కారణం ఉంది. మేనేజరుకు ఉండే అసలు భయం ఆ రోజుల గురించే. ఆయన అడిగాక ఒప్పుకోవడం కంటే నీ లేఖలోనే ఉండడం మేలు. ఆ మూడు రోజులు బిడ్డను ఎవరు చూసుకుంటారో మీ అత్తగారితో ముందే మాట్లాడి ఖాయం చేసుకున్నాకే ఈ మాట వ్రాయి.

ఆ సాయంత్రపు ఫోన్లను మొదటి నెల ఒక పుస్తకంలో తేదీతో వ్రాసుకో. వారానికి ఒకటి రెండు మించి వస్తున్నాయంటే, 'అత్యవసరం' అన్న మాటను ఇద్దరూ వేరువేరుగా అర్థం చేసుకున్నారని తెలుస్తుంది. అప్పుడు ఆ పుస్తకాన్ని సమీక్షలో చూపించు.

నా విషయంలో జరిగింది చెబుతాను. నా పెద్దవాడు పుట్టాక మేనేజరు నోటిమాటగా ఒప్పుకున్నారు. నాలుగు నెలలకే ఆయనకు బదిలీ అయింది, హాజరు యంత్రంలో మాత్రం నా రోజులన్నీ తక్కువ గంటలుగా నమోదై ఉన్నాయి. పని అంతా పూర్తయినా జీతంలో కోత పడింది, నిరూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. అందుకే మేనేజరు ఒప్పుకున్న వెంటనే ఆ అంగీకారాన్ని మెయిల్లో తెప్పించుకుని, హెచ్‌ఆర్‌కు ప్రతి పంపి, హాజరు నమోదులో నీ కొత్త వేళలు ఎక్కించారో లేదో అడుగు. ఇంటి నుంచి చేసే రెండున్నర గంటలు అందులో ఎలా లెక్కకు వస్తాయో కూడా అప్పుడే తేల్చుకో.

పని అంతే చేస్తున్నప్పుడు జీతం తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. నిజంగా గంటలు తగ్గించుకోవాలనిపిస్తే, బిల్లుల సంఖ్య కూడా అదే నిష్పత్తిలో తగ్గాలని వ్రాతలో ఉండాలి.

లేఖ చిత్తుప్రతి ఆదివారంలోగా నాకు పంపు, చదివి తిప్పి పంపుతాను.

మీ పెద్దమ్మ