చలాన్ మీద వెళ్లిన సరుకు, తర్వాత వచ్చే బిల్లు

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మాకు దర్రీల టోకు వ్యాపారం ఉంది. సరుకును చలాన్ మీద పంపి, బిల్లు తర్వాత చేస్తాం. గోదాములో ఉన్నదానికంటే టాలీలో స్టాకు తక్కువ కనిపిస్తోంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: చలాన్, బిల్లు ఒకదానితో ఒకటి ముడిపడకపోవడమే కారణమని నా అనుమానం. ఒక లెక్క వేసి చూద్దాం. మీ దగ్గర 300 దర్రీలు ఉన్నాయనుకోండి. కరీంనగర్ దుకాణం, నచ్చినవే ఉంచుకుంటామన్న షరతుతో, ఒక్కోటి 900 రూపాయల ధరకు 40 దర్రీలు అడిగింది. ఆ మాటను సేల్స్ ఆర్డర్‌గా రాసుకున్నప్పుడు స్టాకూ మారదు, బాకీ కూడా పుట్టదు. చలాన్ మీద సరుకు పంపినప్పుడు స్టాకు 260కి తగ్గుతుంది, బాకీ మాత్రం ఇంకా లేదు. దుకాణం 28 ఉంచుకుని 12 తిప్పి పంపితే స్టాకు 272 అవుతుంది. ఇక ఆ 28కి బిల్లు చేసినప్పుడు 25,200 రూపాయలు, దానిపై పన్ను, ఆ దుకాణం ఖాతాలో బాకీగా చేరాలి తప్ప స్టాకు మళ్లీ కదలకూడదు.

చలాన్‌కు ఇచ్చిన `Tracking No.`ను వాపసు వచ్చిన సరుకు నమోదులోనూ, బిల్లులోనూ ఎంచుకుంటేనే ఇలా జరుగుతుంది. బిల్లులో అక్కడ `Not Applicable` అని వదిలేస్తే, టాలీ దాన్ని కొత్త అమ్మకంగా భావించి మరో 28 తగ్గించి 244 చూపిస్తుంది. గోదాములో లెక్కిస్తే 272 ఉంటాయి. మీకు కనిపించే తేడా ఏదో ఒక బిల్లులోని సంఖ్యతో సరిగ్గా సరిపోతే, తప్పు ఇదేనని దాదాపు తేలినట్టే. `Sales Bills Pending` నివేదికలో ఆ చలాన్ ఇంకా బిల్లు కానిదిగా నిలిచి ఉంటుంది. ఆ బిల్లును తెరిచి నంబరు సరిచేస్తే స్టాకు కుదురుతుంది.

అయితే స్టాకు కుదిరినంత మాత్రాన మీ పద్ధతి మొత్తం సరైనదని నేను చెప్పలేను, ఎందుకంటే సరుకు ఎంతో, ధర ఎంతో ముందే ఖాయమైన మామూలు అమ్మకంలో, జీఎస్టీ చట్టం 31వ సెక్షన్ ప్రకారం బిల్లు సరుకు బయలుదేరే లోపే తయారు కావాలి. చలాన్ దానికి బదులు కాదు. నచ్చితే ఉంచుకునే షరతు మీద పంపినప్పుడు మాత్రం, అమ్మకం ఖాయమైనప్పుడో, సరుకు పంపిన ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పటికి బిల్లు ఇవ్వాలి. అందుకే దుకాణదారు 28 ఉంచుకుంటున్నట్టు ఏ రోజున తెలిపారో చలాన్ మీదే రాయించుకోవాలని గట్టిగా కోరుతున్నాను. ఆ మాట మార్చి 28న వస్తే, బిల్లు ఏప్రిల్‌లో చేసినా అమ్మకం మార్చిదే, పన్నూ మార్చిదే. సరుకు విలువ పన్నుతో కలిపి 50,000 రూపాయలు దాటితే, చలాన్ మీద పంపినా ఈ-వే బిల్లు తప్పదు.

పాత బిల్లులను సరిచేసేటప్పుడు మార్చి నెలవాటితో మొదలుపెట్టండి; ఏడాది ముగింపు స్టాకు, లాభం రెండూ వాటి మీదే ఆధారపడి ఉంటాయి.