వాచ్ ఈసీజీలో Sinus Rhythm అంటోంది, మరి ఈ తప్పిన బీటు ఏమిటి?

"సార్, రాత్రి పడుకోగానే గుండె ఒక దెబ్బ వదిలేసి, ఆ వెంటనే దబ్బుమని కొట్టుకుంటోంది. భయమేసి వాచ్‌లో ఈసీజీ తీస్తే ఒకసారి Sinus Rhythm, ఇంకోసారి Inconclusive అని వస్తోంది. రోజుకు ఇరవైసార్లు తీస్తున్నాను. నాకు ముందునుంచీ కంగారు ఎక్కువే. ఒక రికార్డింగ్ పంపుతున్నాను. వాచ్ మాట నమ్మవచ్చా? డాక్టర్‌కు ఇది చూపిస్తే సరిపోతుందా?"
– ఒక పాఠకురాలు, మియాపూర్

ఈసీజీ తీసే ఆ 30 సెకన్లలో వాచ్ ప్రధానంగా వెతికేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఒక్క లయదోషాన్ని. అది కనబడక, గుండె క్రమంగా కొట్టుకుంటున్నట్లు తోస్తే Sinus Rhythm అని రాస్తుంది. మధ్యలో ఒకటి రెండు బీట్లు తొందరపడి వచ్చినా వాటికి దాని జాబితాలో వేరే పేరు లేదు. కాబట్టి పైన రాసిన ఫలితంకన్నా కింద ఉన్న గీతకే విలువ ఎక్కువ. మీది ఆపిల్ వాచ్ అయితే ఐఫోన్‌లో Health → Heart → Electrocardiograms అనే వరుసలో వెళ్లి ఆ రికార్డింగ్‌ను పీడీఎఫ్‌గా తీసి, పెద్దదిగా చేసి చూడండి.

మీరు పంపిన దానిలో గళ్లు లెక్కపెట్టాను. ఒక్కొక్క చిన్న గడి 0.04 సెకను. మీ బీటుకూ బీటుకూ మధ్య సుమారు 21 గళ్లున్నాయి, అంటే నిమిషానికి 71 లేదా 72. పదకొండో సెకను దగ్గర ఒక బీటు 13 గళ్లకే వచ్చేసింది, ఆకారం కూడా మిగతావాటికన్నా వెడల్పుగా ఉంది. దాని తర్వాత 29 గళ్ల ఖాళీ. 13, 29 కలిపితే 42, అంటే సరిగ్గా రెండు మామూలు విరామాలు. అసలు లయ చెదరలేదు, మధ్యలో ఒక బీటు ముందుగా దూరింది, అంతే. దీన్నే డాక్టర్లు ఎక్టోపిక్ బీటు అంటారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అయితే ఏ రెండు విరామాలూ ఒకదానికొకటి పొంతన లేకుండా గీత పొడుగునా అలాగే సాగుతుంది.

మీరు "గుండె వదిలేసింది" అంటున్నది ఆ 29 గళ్ల ఖాళీని. ముందుగా వచ్చిన బీటు వేళకు గుండె గదిలో రక్తం సరిగా నిండి ఉండదు, అందువల్ల అది మీకు తెలియనంత బలహీనంగా కొట్టుకుంటుంది. ఆ తర్వాతి ఖాళీలో గది మామూలుకన్నా ఎక్కువ నిండుతుంది, కనుక ఆ పై బీటు దబ్బుమంటుంది. పడుకున్నప్పుడే ఎక్కువగా తెలియడానికి కారణాలు మామూలువే: అప్పుడు గుండె వేగం తగ్గి ముందు బీటు దూరడానికి చోటు దొరుకుతుంది, ఎడమవైపు తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది, చుట్టూ చప్పుడు ఉండదు. కంగారుపడినప్పుడు పెరిగే అడ్రినలిన్ ఈ బీట్లను పెంచగలదు కూడా. అంటే దడ నిజమే, మీ ఊహ కాదు.

అయితే ఇది హానిలేనిదని చెప్పే అధికారం ఈ గీతకు లేదు, నాకూ లేదు. ఎడమ మణికట్టుకూ కుడి చేతి వేలికీ మధ్య ఒకే ఒక్క కోణం నుంచి గుండెను చూసిన గీత ఇది. ఇదే బీటు ఆరోగ్యమైన గుండెలో వస్తే ఒక అర్థం, కండరం దెబ్బతిన్న గుండెలో వస్తే మరొక అర్థం. డాక్టర్ చూసేది ప్రధానంగా ఈ తేడానే.

అందుకే ముందు ప్రశ్నలు అడుగుతారు. ఎప్పుడైనా స్పృహ తప్పారా, మెట్లెక్కుతున్నప్పుడో పరుగెత్తుతున్నప్పుడో దడ వస్తోందా, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా అనే మూడింటికి జవాబు దాచకూడదు. తర్వాత మందుల సంగతి: థైరాయిడ్ మాత్ర, ఆస్తమా ఇన్‌హేలర్, జలుబు మాత్రలు దడ పెంచగలవు. రోజుకెన్ని టీలో కూడా చెప్పండి. మన ఊళ్లో ఇరానీ చాయ్‌ని జనం లెక్కలో వేసుకోరు. ఆ పైన పన్నెండు కోణాల ఈసీజీ. అందులో పాత గుండెపోటు గుర్తులు, పుట్టుకతో ఉన్న అదనపు విద్యుత్ దారి, గుండె గదులు విద్యుత్‌కు స్పందించి మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయమైన క్యూటీ విరామం పొడవు కనిపిస్తాయి. ఆందోళనకు వాడే ఎస్సిటలోప్రామ్ వంటి మాత్రలు ఈ క్యూటీని కొంత పెంచగలవు కనుక, వాడుతుంటే పేరు, మోతాదు చెప్పాలి తప్ప మీ అంతట మీరు మానేయకూడదు. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, పొటాషియం చూస్తారు. అవసరమనుకుంటే గుండె కండరం, కవాటాల కోసం ఎకో చేయిస్తారు. శ్రమతో బీట్లు మాయమవుతున్నాయా పెరుగుతున్నాయా అన్నది తేల్చడానికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు; మాయమైతే అది మంచి సూచన.

రోజు మొత్తంలో ఎన్ని ఎక్టోపిక్‌లు అన్నది రోజంతా ఈసీజీ రాసే హోల్టర్ చెబుతుంది. రెండేళ్ల క్రితం నాకూ పెట్టారు. ఛాతీకి స్టిక్కర్లు, నడుముకు చిన్న డబ్బా, చేతికి ఒక కాగితం: దడ అనిపించిన ప్రతిసారీ బటన్ నొక్కి సమయం రాయమన్నారు. ఏప్రిల్ నెల, రాత్రి కరెంటు పోయి చెమటకు ఒక స్టిక్కర్ ఊడింది, రెండు గంటల రికార్డింగ్ పోయింది. మిగిలిన దానిలో సుమారు 98,000 బీట్లు, అందులో 390 ఎక్టోపిక్‌లు. అర శాతం కూడా లేవు. ఇవి పది శాతం దాటితే గుండె కండరం నీరసించే ప్రమాదం ఉంది కనుక డాక్టర్లు జాగ్రత్తగా గమనిస్తారు. నాకు ఆ సంఖ్యకన్నా ఎక్కువ ఉపయోగపడింది ఆ కాగితం. పదకొండుసార్లు బటన్ నొక్కితే, ఆరింటికి సరిగ్గా ఆ నిమిషంలో ఎక్టోపిక్ ఉంది. మిగతా అయిదింటికి లయ పూర్తిగా మామూలే, వేగం మాత్రం 100 దగ్గర ఉంది. ఎకో, ఈసీజీ, రక్తపరీక్షలు ముందే బాగున్నాయి కనుకనే డాక్టర్ ఆ కాగితం పక్కన పెట్టి "హానిలేనివి" అన్నారు. ఒక్క ఈసీజీ చూసి ఆ మాట అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

ఇక Inconclusive సంగతి. చేయి కదిలినా, వేలు పొడిగా ఉన్నా, ఎక్టోపిక్‌లు వరుసగా పడి లయను వాచ్ ఏ గుంపులోనూ చేర్చలేకపోయినా అదే మాట వస్తుంది. మోచేయి బల్లమీద ఆనించి, మాట్లాడకుండా తీయండి. మరొక మోసం కూడా ఉంది: వాచ్ వెనక పచ్చదీపంతో చూపే గుండె వేగం మణికట్టు దాకా చేరిన నాడినే లెక్కిస్తుంది. ఒకటి విడిచి ఒకటి ఎక్టోపిక్ వస్తుంటే బలహీనమైనవి లెక్కకు రావు, నిమిషానికి 76 ఉన్న గుండె 38 అని కనబడుతుంది. అలాంటి సంఖ్య చూసి హడలిపోకుండా, వెంటనే ఒక ఈసీజీ తీసి గీతలో బీట్లు లెక్కపెట్టండి. గీతలోనూ తక్కువగానే ఉంటే అది డాక్టర్ చూడవలసినది.

రోజుకు ఇరవై రికార్డింగ్‌లు డాక్టర్‌కు అక్కరలేదు. దడ అనిపించిన క్షణంలో తీసినవి రెండు మూడు, ఏమీ లేనప్పుడు తీసినది ఒకటి పీడీఎఫ్‌గా ప్రింటు తీసి, ఒక్కొక్కదానిపై ఏం చేస్తుండగా వచ్చిందో రాసి తీసుకెళ్లండి. వాచ్ గుండెపోటును కనిపెట్టలేదు. దడతోపాటు ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే రికార్డింగ్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.