బిల్లు మెయిల్ పంపే ముందు

అమ్మలూ,

ఆసుపత్రికి తన బిల్లు గురించి మెయిల్ పెడుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నీ వయసులో నేను కౌంటర్లో ఎంతంటే అంత కట్టి వచ్చేవాణ్ణి. అందుకే కాస్త గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

ముందు వివరంగా బిల్లు అడుగు. 'ఫార్మసీ 38,400' అని ఒక్క లైను రాసిస్తే సరిపోదు. ఏ రోజు ఏ మందు ఎన్ని, ఒక్కోటి ఎంత, వార్డు నుంచి వాపసు వెళ్లినవి ఎన్ని అన్నీ కావాలను. మొహమాటపడకు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఇది ఉంది.

ఇప్పుడు నా తెలివితక్కువతనం విను. మీ అత్తయ్య ఐసీయూలో ఉండి వచ్చినప్పుడు బిల్లులో ఒకే తేదీన పొటాషియం పరీక్ష రెండుసార్లు కనబడింది. దొరికారనుకుని కౌంటర్ దగ్గర పదిమందిలో కేకలేశాను. ఆ కుర్రాడు ఏమీ మాట్లాడకుండా రెండు రిపోర్టులు తీసి ముందు పెట్టాడు. ఒకటి ఉదయం ఆరింటి శాంపిల్, రెండోది సాయంత్రానిది. ఐసీయూలో అలా మళ్లీ మళ్లీ చేస్తారట. నా మొహం ఇంతయింది. అసలు ఘోరం ఆ తర్వాత జరిగింది. వాడకుండా నర్సు వెనక్కి పంపిన నాలుగు ఇంజెక్షన్ల డబ్బు బిల్లులో తగ్గించలేదని నాకు తెలుసు. కానీ మళ్లీ నోరు విప్పలేకపోయాను. దారి పొడుగునా మీ అత్తయ్య ఏమీ అనలేదు, అదే ఇంకా బాధేసింది.

అందుకే చెబుతున్నా, పేరు రెండుసార్లు కనబడగానే డూప్లికేట్ అనేయకు. రిపోర్టు మీద శాంపిల్ తీసిన టైము చూడు. బిల్లులో రెండుండి రిపోర్టు ఒక్కటే ఉంటే అప్పుడు రాయి. అదైనా 'దోచుకుంటున్నారు' అని కాదు, ఇలా రాయి: "14వ తేదీన ఛాతీ ఎక్స్‌రే 650 చొప్పున రెండుసార్లు వేశారు. మాకు ఒక్క రిపోర్టే అందింది. రెండోది తీసి ఉంటే దాని రిపోర్టు పంపండి, లేకపోతే 650 తగ్గించి సవరించిన బిల్లు ఇవ్వండి." అనుమానం ఉన్న ప్రతిదానికీ ఇలా ఒక్కో పేరా చాలు. సబ్జెక్టులో ఐపీ నంబరు, బిల్లు నంబరు వెయ్యి. కాగితాల ఫోటోలే పంపు, ఒరిజినల్స్ ఇచ్చావంటే ఊరుకోను.

క్యాష్‌లెస్ కదా, మన జేబులోంచి పోలేదని వదిలేయకు. పాలసీ మొత్తంలోంచే తరిగిపోతుంది, మళ్లీ ఈ ఏడాదిలోనే అవసరం పడితే? బీమా వాళ్లకు కూడా ఒక కాపీ పెట్టు.

డాక్టరుగారి పేరు మాత్రం ఎత్తకు. అక్క మళ్లీ ఆయన దగ్గరికే రివ్యూకి వెళ్లాలి. ఆయనకు బిల్లుతో సంబంధం లేదని నాకూ తెలుసులే, అయినా నా భయం నాది.

పంపేముందు ఒకసారి ఫోన్లో చదివి వినిపించు. తొమ్మిది దాటాక చెయ్యి, అత్తయ్య సీరియల్ అయిపోతుంది.

మీ మావయ్య