షట్టర్ కన్నా ముందు ప్లేట్లు లెక్కపెట్టు

"4 లక్షలున్నాయి, అమీర్‌పేటలో 30 వేల అద్దెకి షట్టర్ దొరికింది. టిఫిన్ సెంటర్ పెట్టొచ్చా?"

అన్నా, అడ్వాన్స్ అప్పుడే ఇవ్వకు. అద్దెకి తోడు దోశ మాస్టర్, హెల్పర్ జీతాలు 40 వేలు, కరెంటు, నీళ్ళు 5 వేలు అనుకో, నెలకి 75 వేలు. ప్లేటు 40కి అమ్మితే పిండి, నూనె, చట్నీ, గ్యాస్‌కే 20 పోతుంది, అంటే నెలలో 25 రోజులు రోజుకి 150 ప్లేట్లు పోతేనే నష్టం ఉండదు, 200 పోతే నీ చేతికి 25 వేలు. అక్కడ చాలా హాస్టళ్ళలో టిఫిన్ వాళ్ళే పెడతారు, కాబట్టి రోడ్డు మీద జనాన్ని చూసి మోసపోకు. పొద్దున 7 నుంచి 10 దాకా పక్క బండి దగ్గర నిలబడి ఎన్ని ప్లేట్లు కడుగుతున్నారో లెక్కపెట్టు, ఆదివారం కూడా. అడ్వాన్స్, గ్రైండర్, పెనం, గిన్నెలు అన్నీ కలిపి రెండున్నర లక్షలు దాటనివ్వకు, మిగిలిన లక్షన్నర మొదటి రెండు నెలల ఖర్చు.