మొదటి బల్బే ఎక్కువ వెలుగుతుందా?

"టీప్యాక్ ఫ్రేమ్‌వర్క్ వాడి డిజిటల్ పాఠం నిజంగా ఎలా ప్లాన్ చేస్తారు? బి.ఎడ్.లో మూడు వృత్తాల బొమ్మ గీయించి వదిలేశారు."

నేను వృత్తాల జోలికి పోను. పిల్లలు ఎక్కడ పొరబడతారో అక్కడ మొదలుపెడతాను. 1986లో విద్యావేత్త షుల్మన్ చెప్పింది అదే కదా: సబ్జెక్టు తెలిస్తే చాలదు, దాన్ని పిల్లలకు అర్థమయ్యేలా మలచడం వేరే విద్య. 2006లో మిశ్రా, కోలర్ దానికి టెక్నాలజీని కలిపారు, అదే టీప్యాక్: సబ్జెక్టు, బోధన, టెక్నాలజీ అనే మూడు వృత్తాలు. మా ట్రైనింగుల్లో మాత్రం ముందు టూల్ చూపించి, దానికి సరిపడే పాఠం వెతుక్కోమంటారు. పెళ్లికొడుకు కుదరకముందే శుభలేఖలు వేయించినట్టు!

ఉప్పల్ దగ్గర మా బడిలో పదో తరగతికి విద్యుత్ పాఠం. మొదటి ఏడాది డిజిటల్ బోర్డు మీద మంచి యానిమేషన్ వేశాను. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. పరీక్షలో రెండు ఒకే రకం బల్బులు శ్రేణిలో కలిపిన బొమ్మ ఇస్తే, చాలామంది మొదటిదే ఎక్కువ వెలుగుతుందని రాశారు. అడిగితే, "మొదటి బల్బు కరెంటు తాగేస్తది కదా మేడం" అన్నాడొకడు.

రెండో ఏడాది ప్లాన్ మొత్తం ఆ 'తాగేస్తది' చుట్టూనే రాసుకున్నాను. నిజం బల్బులతోనే చూపిద్దామనుకుని ఇంట్లో రెండు టార్చి బల్బులు కలిపి చూస్తే, ఒకటి కాస్త ఎక్కువ వెలిగింది. ఏ రెండు బల్బులూ అచ్చం ఒకేలా ఉండవు. అదే ముందు చూపిస్తే వాళ్ల తప్పు ఇంకా గట్టిపడుతుంది. సిమ్యులేషన్ అవసరం పడింది ఇక్కడే. ఫెట్ అనే సిమ్యులేషన్ల సైట్ వాళ్ల `Circuit Construction Kit: DC` ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాను, మా బడి నెట్‌ని నమ్ముకుంటే పీరియడ్ గుండ్రంగా తిరిగే చక్రం చూడటానికే సరిపోతుంది.

ముందు అందరూ జవాబు కాగితం మీద రాయాలి, మార్చకూడదు. తర్వాతే తెర. 9 వోల్టుల బ్యాటరీ, ఒక 10 ఓమ్‌ల బల్బు: అమ్మీటర్ 0.90 ఆంపియర్లు చూపింది. రెండో బల్బు కలిపి మొదటిదానికి ముందు, రెండింటి మధ్య, చివర కొలిచాం. మూడు చోట్లా 0.45. క్లాసు నిశ్శబ్దం. అప్పుడు టార్చి బల్బులు తీశాను. ఎక్కువ వెలిగే దాన్ని రెండో చోటికి మార్చినా అదే ఎక్కువ వెలిగింది. తేడా చోటులో లేదు, బల్బులో ఉంది. తెర, బల్బులు రెండూ కావాలి, వరుస తారుమారైతే పాఠం పాడవుతుంది.

ఇంతలో వెనక బెంచీ పాప, "మరి 0.90 ఉన్నది సగమెట్లయింది మేడం? బ్యాటరీ అదే కదా?" అంది. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందనుకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. గంట కొట్టేశారు. మర్నాటి ప్లాన్ ఆ ప్రశ్నతో రాసుకున్నాను. లెసన్ ప్లాన్‌లో 'వాడిన టెక్నాలజీ' అనే గడి ఉంది గానీ, ఇలాంటిది రాసుకోవడానికి గడే లేదు.