తెచ్చింది ఆయన, లేచేది మీరు

‘నాకు 29 ఏళ్లు. కర్నూలు సి క్యాంపులో అద్దెకు ఉంటున్నాం. నగల అంగడిలో లెక్కలు రాస్తాను. రెండు నెలల కిందట పనివేళలు పెంచారు. పొద్దున తొమ్మిదికి పోతే ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదిన్నరకు. మావారు ఆరుకే వస్తారు. ఏడాది కిందట ఆయనే ఆడ పిల్లికూనను తెచ్చారు, ఆపరేషన్ కూడా చేయించాం. వేళలు మారినప్పటి నుంచి అది రాత్రి రెండు దాటితే తలుపు గీకుతూ ఒకటే అరుపు. పొద్దున పెట్టిన తిండి నేను వచ్చేదాకా ముట్టదు. రెండుసార్లు నా దిండు మీద ఉచ్చ పోసింది. ఆయన ‘నీ పిల్లి నోరు మూయించు’ అని కసురుతారు. పిల్లి ఏడిస్తే ఇంటికి మంచిది కాదని మా అత్త. ఓర్చుకున్నంత ఓర్చుకుని, లేచి ఏదో ఒకటి పెడుతున్నాను. ఆదోనిలో మా అమ్మ దగ్గరికి పంపేయనా? కొంచెం నిద్రమాత్ర ఇవ్వొచ్చా?’

మాత్ర మాట మరిచిపోండి. మనుషుల మందులు చాలావరకు పిల్లికి పడవు. మనం తలనొప్పికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క బిళ్ల చాలు, దాని ప్రాణం తీయడానికి. ఆదోనికి పంపినా అక్కడ మీరుండరు, తెలిసిన మూలా ఉండదు. ఆ అరుపులేవో మీ అమ్మ వింటుంది.

నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. పిల్లిని ఆయనే తెచ్చారని రాశారు. మూడు వాక్యాల తర్వాత అది ‘నీ పిల్లి’ అయిపోయింది. ఎప్పుడు మారింది? మీరు పదకొండు గంటలు బయట పని చేసి వస్తారు. ఆయన ఆరుకే వచ్చి రెండున్నర గంటలు ఇంట్లో ఉంటారు. అయినా అర్ధరాత్రి లేవాల్సింది మీరే! దీన్ని మీరు మామూలుగా రాసేశారు చూడండి, నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇది ఇద్దరి మధ్య ఉన్న తగవే అయినా, పిల్లి అరుపుకూ దానికీ ముడి ఉంది. మీరు ఓర్చుకున్నప్పుడు దానికి ఏమీ దొరకదు. ఆయన కసిరిన రాత్రి తిండి దొరుకుతుంది. అడగ్గా అడగ్గా ఒకసారి అప్పిచ్చే అంగడికి జనం ఎలా తిరుగుతారో, పిల్లీ అంతే. రోజూ పెడితే కన్నా ఇలా అప్పుడప్పుడు పెడితేనే అలవాటు మొండిగా నాటుకుపోతుంది. ఈ సంగతి ఆయనకు చెప్పండి: కసురుడు పిల్లిని ఆపడం లేదు, దానికి గిన్నె నింపిస్తోంది.

దిండు విషయం వేరు. మీ మీద కక్షతో చేసిన పని కాదది. మనిషి దూరమై బెంగపడ్డ పిల్లి ఆ మనిషి వాసన ఉన్నచోటే ఉచ్చ పోయడం ఉంది. తిండి ముట్టకపోవడమూ ఆ లక్షణమే. అయితే ముందు పశువుల డాక్టరుకు చూపించి ఉచ్చ పరీక్ష చేయించండి. మాటిమాటికీ దాని ఇసుక ట్రేలోకి పోయి చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, నెత్తురు కనిపించినా అది మూత్రాశయం జబ్బు కావచ్చు, ఒట్టి బెంగ అనుకోకండి. పాత ఫోన్ ఒకటి తలుపు దగ్గర పెట్టి, మీరు వెళ్లాక మొదటి గంట వీడియో తీయండి. తలుపు దగ్గరే తిరుగుతూ అరిస్తే బెంగ. కాసేపటికే పోయి ముడుచుకుని పడుకుంటే, పగలంతా నిద్రపోయి రాత్రి మేలుకుంటోందని అర్థం. మీ పిల్లికి రెండూ ఉన్నాయని నా అనుమానం.

పిల్లికి ఒళ్లు చురుగ్గా ఉండేది పొద్దు గూకే వేళ, తెల్లవారుజామున. ఆ సాయంత్రం వేళ ఇంట్లో ఉండేది మీవారు. ఆరున్నరకు దారానికి ఈక కట్టి పావుగంట ఆడించాల్సింది ఆయనే. ఫోన్ చూస్తూ కాదు. ఈక నేలమీద పాకాలి, దాక్కోవాలి, చివర్లో పిల్లికి చిక్కాలి. చిక్కకుండా ఆపేస్తే చిరాకు మిగులుతుంది. మీరు వచ్చీరాగానే గిన్నె నింపకండి. పదిన్నరకు ఇంకో పది నిమిషాలు ఆడించి, అప్పుడు రోజు తిండిలో పెద్ద వాటా పెట్టండి. మొత్తం పెంచొద్దు, వేళ మార్చండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఇదీ దాని వరస.

పొద్దున బయల్దేరేటప్పుడు ముద్దులూ వీడ్కోళ్లూ వద్దు. సెలవు రోజున బయల్దేరుతున్నట్టు తాళంచెవులు తీసి మళ్లీ కూర్చోండి. ఐదు నిమిషాలు బయటికి పోయి రండి, తర్వాత పదిహేను. వెళ్లే ముందు కొన్ని తిండి గింజలు కాగితం మడతల్లో దాచి పెట్టండి, వెతుక్కుంటుంది.

ఇక రాత్రి. ఇద్దరిలో ఎవరూ లేవొద్దు, కసరొద్దు, తలుపు తీయొద్దు. మొదటి మూడు నాలుగు రాత్రులు అరుపు పెరుగుతుంది, అప్పుడే మీవారు ‘చూశావా’ అంటారు. ఆ రాత్రి లొంగితే ఇంకా గట్టిగా అరవాలని నేర్పినట్టే. అందుకే ఆయన ఒప్పుకోకుండా మొదలుపెట్టకండి; చెవుల్లో పెట్టుకునే దూదిబిళ్లలు ఇద్దరికీ కొనండి. అత్తకు ఏం చెప్పాలో కూడా ఆయనకే వదిలేయండి, వాళ్ల అమ్మ కదా.

మూడు వారాలైనా పగటి తిండి ముట్టకపోతే, పొట్ట కింద వెంట్రుకలు ఊడేంతగా నాక్కుంటుంటే మళ్లీ డాక్టరు దగ్గరికే పోండి. బెంగకు పిల్లి బరువును బట్టి ఇచ్చే మందులు ఉన్నాయి. ఈసారి బుట్ట పట్టుకుని ఆయన్ను నడవమనండి.